ఎడ్లబండి ధరలో ఓడ కిరాయి ఎంత?

కొండపల్లిలో తయారయ్యే ఎడ్లబండి బొమ్మ చేతిలోకి తీసుకుంటే బరువే అనిపించదు. తెల్లపొణికి కర్ర అంత తేలిక. విజయవాడలోని దుకాణానికి పంపేటప్పుడు ఆ తేలికదనం ఓ సుగుణం. జర్మనీకి పంపాల్సి వచ్చినప్పుడు మాత్రం దానివల్ల ఒరిగేది దాదాపు ఏమీ ఉండదు, ఎందుకంటే దూరప్రయాణంలో కిరాయి కట్టేది బొమ్మ బరువుకు కాదు, అది ఆక్రమించే చోటుకు. ఎగుమతి ధర చెప్పడంలో కొత్తవారు దెబ్బతినేది ఎక్కువగా ఇక్కడే.

విదేశీ కొనుగోలుదారు నుంచి వచ్చే మొదటి ఉత్తరంలో తరచుగా ఒక మాట ఉంటుంది: 'మా గోదాముకు చేర్చి ధర చెప్పండి.' వ్యాపార పరిభాషలో దీన్ని డీఏపీ అంటారు. ప్యాకింగు, ఓడరేవు దాకా లారీ, మన కస్టమ్స్, ఓడ కిరాయి, అక్కడి రేవులో దింపుడు, గోదాము దాకా మళ్లీ లారీ, అన్నీ అమ్మేవారి నెత్తినే. దారిలో సరుకు దెబ్బతింటే నష్టమూ వారిదే. దిగుమతి సుంకం, అక్కడి పన్ను మాత్రం కొనేవారు కట్టుకుంటారు. ఈ షరతులను అంతర్జాతీయ వాణిజ్య మండలి నిర్వచిస్తుంది. 2020 జనవరి 1 నుంచి అమల్లో ఉన్న రూపాన్నే ఇప్పుడు వాడుతున్నారు. కోట్‌లో 'డీఏపీ' అని రాసి ఊరుకుంటే చాలదు. ఏ ఊరు, ఏ చిరునామా అన్నది, 2020 రూపం ప్రకారమన్నది పక్కనే ఉండాలి.

లెక్కలోకి దిగుదాం. హాంబర్గ్‌లోని ఒక దిగుమతిదారు మూడు వందల ఎడ్లబండ్లు అడిగాడనుకుందాం. ఇక్కడ చెప్పే రూపాయలన్నీ లెక్క అర్థం కావడానికి వేసుకున్నవే. అసలు రేట్లు ఫార్వర్డర్‌ని అడిగి తెలుసుకోవాలి, అవి నెలనెలా మారతాయి. కర్ర, రంగులు, కూలి, ఇంట్లోవాళ్లు రంగులద్దిన పనికి కూడా కూలి కట్టి చూస్తే ఒక్కో బండికి 450 రూపాయలు పడింది. (ఇంటి మనుషుల పనిని లెక్కలో వేయకపోవడం చేతివృత్తుల్లో పాత అలవాటు. ఆ పొరపాటుతో మొదలైన ధరను తర్వాత ఏ సూత్రమూ నిలబెట్టలేదు.)

ఇక ప్యాకింగు. కొండపల్లి బొమ్మ ఒకే దుంగలోంచి తొలిచింది కాదు. భాగాలు విడిగా చెక్కి, చింతగింజల పొడి, రంపపుపొట్టు కలిపిన మక్కుతో అతుకుతారు. ఎద్దు కొమ్ము, బండి ఇరుసు దెబ్బకు ముందు విరిగే చోట్లు. అందుకని ఒక్కో బండిని విడి అట్టపెట్టెలో, కొమ్ముల చుట్టూ మెత్త పెట్టి, తేమ పీల్చే పొట్లం వేసి సర్దాలి. అలాంటి పెట్టెలు పన్నెండు ఒక పెద్ద కార్టన్‌లో పడతాయి. అన్నీ కలిపి బండికి 60 రూపాయలు అనుకుందాం. కార్టన్లను చెక్క ప్యాలెట్ మీద పెట్టి పంపేట్టయితే మామూలు చెక్క పనికిరాదు. పురుగులు దేశం దాటకుండా ఆ చెక్కను లోపలి భాగం కూడా 56 డిగ్రీల వేడిలో 30 నిమిషాలు ఉండేలా కాల్చి లేదా ఆమోదించిన మరో పద్ధతిలో శుద్ధి చేసి, గోధుమకంకి గుర్తున్న ముద్ర వేయాలి. ముద్ర లేకపోతే అక్కడి రేవులో సరుకు ఆగిపోతుంది, ఆగిన రోజులకు అద్దె పడుతుంది. అట్టపెట్టెలకు ఈ బాధ లేదు.

ఇప్పుడు చోటు సంగతి. బండి పెట్టె 30 సెంటీమీటర్ల పొడవు, 15 వెడల్పు, 20 ఎత్తు అనుకుంటే, మూడు వందల బండ్లకు 25 కార్టన్లు, మొత్తం 3.1 ఘనమీటర్లు. బరువు చూస్తే 220 కిలోలు దాటదు. కంటైనర్‌లో కొంత భాగం మాత్రమే తీసుకునేవారికి ఓడ కంపెనీలు ఒక ఘనమీటరును ఒక టన్నుతో సమానంగా చూసి, రెండింటిలో ఏది ఎక్కువైతే దానికి వసూలు చేస్తాయి. అంటే 220 కిలోల సరుకుకు మూడు టన్నుల సరుకంత కిరాయి. కొరియర్‌లోనూ ఇదే తీరు. సెంటీమీటర్లలో పొడవు, వెడల్పు, ఎత్తు గుణించి 5000తో భాగిస్తే వచ్చే కిలోలను వారు బరువుగా తీసుకుంటారు. అరకిలో మించిన ఈ బండి నమూనా ఒక్కటి పంపినా 1.8 కిలోలకు కట్టాల్సిందే.

కొండపల్లి నుంచి చెన్నై రేవుకు లారీ 9,000, కస్టమ్స్ బ్రోకరు, కాగితాలు 8,000, మన రేవు ఖర్చులు 6,500, ఓడ కిరాయి 12,000, బీమా 2,000, హాంబర్గ్‌లో దింపుడు, కాగితాలు, గోదాముకు చేరవేత 45,000. మొత్తం 82,500, బండికి 275 రూపాయలు. ఈ వరుసలో కళ్లు తెరిపించాల్సింది చివరి అంకె. ఓడ కిరాయి చవగ్గా ఉందని ఫార్వర్డర్ చెప్పిన మాట నమ్మి ధర పంపేసినవారికి అవతలి రేవు బిల్లు వచ్చాక గాని అసలు సంగతి తెలియదు. చిన్న సరుకులకు ఓడ కిరాయి కన్నా దిగిన చోటి ఖర్చులే ఎక్కువ కావడం సాధారణం. కనుక ఫార్వర్డర్‌ని అడగాల్సింది 'ఓడకు ఎంత' అని కాదు, 'గోదాము గుమ్మం దాకా అన్నీ కలిపి ఎంత, ఏవి ఇందులో లేవు' అని, అదీ రాతపూర్వకంగా.

తయారీ 450, ప్యాకింగు 60, రవాణా 275 కలిపితే 785. దీని మీద ఇంకా ఏజెంటు కమీషను 5 శాతం, బ్యాంకు ఛార్జీలకు, మారకపు తేడాకు 3 శాతం, విరిగేవాటికి 2 శాతం, లాభం 15 శాతం, మొత్తం 25 శాతం ఉంచుకోవాలి. చాలామంది 785కి పావు వంతు కలిపి 981 అంటారు. అక్కడే లెక్క తప్పుతుంది. ఏజెంటు కమీషను తీసుకునేది 785 మీద కాదు, అమ్మిన ధర మీద. బ్యాంకు కోసుకునేదీ వచ్చిన డబ్బులోంచే. 981లో పది శాతం వాళ్లకూ విరుగుడుకూ పోతే, 785 ఖర్చు తీసేశాక మిగిలేది 98 రూపాయలు. అంటే పది శాతం లాభం, పదిహేను కాదు. సరైన పద్ధతి 785ను 0.75తో భాగించడం. అప్పుడు ధర 1,047, లాభం 157. తేడా బండికి 59 రూపాయలే, కానీ మూడు వందల బండ్లకు సుమారు 17,700. లెక్క సులువు కోసం యూరో వంద రూపాయలనుకుంటే కోట్ పదిన్నర యూరోలు.

దిగుమతిదారు ఒప్పుకోడు. తొమ్మిదిన్నరకు ఇవ్వమంటాడు. ఇక్కడ మామూలుగా జరిగేది ఏమిటంటే, అమ్మేవారు తిరిగి వచ్చి కూలి తగ్గించడం. కూలి 450లోని ముక్క, అందులో ఎంత కోసినా నూరు రూపాయలు రావు. చూడాల్సింది 275 వైపు. కొండపల్లి బొమ్మ భాగాలుగానే తయారవుతుంది కదా, ఎద్దులను బండికి అతికించకుండా విడిగా చేసి, దూర్చి నిలబెట్టే చిన్న చీల పెడితే? ఎద్దులు బండి పక్కన పడుకుంటాయి, పెట్టె ఎత్తు 20 నుంచి 10 సెంటీమీటర్లకు దిగుతుంది. సరుకు 1.6 ఘనమీటర్లే అవుతుంది. ఖర్చు సగానికి పడిపోదు, ఎందుకంటే బ్రోకరు, కాగితాలు చోటుతో సంబంధం లేకుండా పడేవి. అయినా మొత్తం 82,500 నుంచి 57,000కు దిగిందనుకుంటే బండికి 190. ఇప్పుడు 700ను 0.75తో భాగిస్తే 933. తొమ్మిదిన్నర యూరోలకు ఒప్పుకోవచ్చు, లాభం శాతం తగ్గదు, కూలి ముట్టుకోనక్కర్లేదు. ఏటికొప్పాక లక్క గిన్నెలు ఒకదాంట్లో ఒకటి ఒదిగిపోతాయి గనుక వాళ్లకు ఈ సౌలభ్యం కొంతవరకు పుట్టుకతోనే ఉంది.

చీల పెట్టడానికి ముందు ఒక నమూనా పంపి, కొనేవారి చేత నిలబెట్టించి చూడటం అవసరం. విడిభాగాలు అమర్చుకోవడం కష్టమైతే వాపసులు మొదలవుతాయి. ఆ బొమ్మను పిల్లల ఆటవస్తువుగా అమ్ముతారా, అలంకరణ వస్తువుగానా అని కూడా అప్పుడే తేల్చుకోవాలి. ఆటవస్తువైతే యూరప్ భద్రతా ప్రమాణాల పరీక్ష ఖర్చు ఉంటుంది. దాన్నీ ఈ మూడు వందల బండ్ల మీదే పంచాలి.

సుంకాలు, పన్నులు కూడా కలిపి ధర చెప్పమనేవారుంటారు. అది డీడీపీ. జర్మనీలో అమ్మకపు పన్ను 19 శాతం. అక్కడ రిజిస్టరైన వ్యాపారి అది తిరిగి తీసుకోగలడు. మన అమ్మకందారు అక్కడ రిజిస్టరు కాకుండా కడితే ఆ డబ్బు తిరిగి రాబట్టుకోవడం కష్టం. పైగా సుంకాలు మనకు చెప్పి మారవు. 800 డాలర్ల లోపు పార్సిళ్లకు ఉన్న సుంకం మినహాయింపును అమెరికా 2025 ఆగస్టు 29 నుంచి ఎత్తేసినప్పుడు, సుంకం తమదేనని మాటిచ్చి ఉన్న చిన్న అమ్మకందారులకు పాత ధరల్లో అమ్మడం అసాధ్యమైంది. డీఏపీ దగ్గర గీత గీయడమే మంచిది.

మారకపు తేడాకు పెట్టుకున్న 3 శాతం కూడా రెండు మూడు నెలలకే చాలుతుంది. కిరాయి మరీ నిలకడలేనిది. 2023 చివర ఎర్రసముద్రంలో ఓడలపై దాడులు మొదలయ్యాక, యూరప్ వెళ్లే కంటైనర్ ఓడలు ఆఫ్రికా దక్షిణపు కొస చుట్టూ తిరిగి వెళ్లసాగాయి. ప్రయాణం పది రోజులకు పైగా పెరిగింది, కిరాయిలూ పెరిగాయి. గడువు రాయకుండా 'చేర్చి ధర' ఇచ్చి ఉన్నవారికి కొనేవాడు ఆ ధరకే ఆర్డరు పంపితే కాదనడానికి ఆధారం లేదు.

ఇంకో చిక్కు పరిమాణంతో వస్తుంది. మూడు వందలకు చెప్పిన 933కే ఒక్క వంద పంపమని అడగడం రివాజు. వంద బండ్లు, కొత్త చిన్న పెట్టెల్లో, అర ఘనమీటరుకు కొంచెం పైన. కానీ ఇలాంటి సరుకుకు కనీసం ఒక ఘనమీటరుకు వసూలు చేయడం రివాజు. బ్రోకరు, కాగితాలు, హాంబర్గ్‌లోని ఫీజులు అలాగే ఉంటాయి. మొత్తం రవాణా 48,000 అయితే బండికి 480. 933లో పది శాతం పోగా మిగిలిన 840కి ఎదురుగా 990 ఖర్చు. లాభం మాట అటుంచి వంద బండ్లకు 15,000 చేతినుంచి పెట్టాలి. వందకు సరైన ధర 1,320.

కనుక కోట్ కాగితంలో 300 బండ్లకు 9.50 యూరోలు, 100 బండ్లకు 13.20 యూరోలు అని రెండు వరుసలు విడిగా, హాంబర్గ్‌లోని గోదాము చిరునామాతో డీఏపీ 2020 అని, సుంకం, పన్ను కొనేవారివని, ధర 30 రోజులే చెల్లుతుందని, ఓడ కిరాయి పెరిగితే ఆ తేడా మాట్లాడుకుంటామని ఉండాలి. కేంద్రం 2021 జనవరి నుంచి ఎగుమతిదారులకు ఇస్తున్న రాయితీ, రాడ్‌టెప్, వస్తే మంచిదే. దాని రేట్లు మారుతుంటాయి గనుక ఆ సొమ్మును ధరలోంచి ముందే తగ్గించకుండా, వచ్చాక లాభంలో కలుపుకోవడం మేలు.