పందెం డబ్బును బ్యాంకు ఎందుకు తిరిగి ఇప్పించదు?

న్యూజెర్సీ రాష్ట్రం ఎడిసన్‌లో ఒక తెలుగు కుటుంబం, 2024 వేసవి అనుకుందాం. క్రెడిట్ కార్డు స్టేట్‌మెంట్ చూస్తున్న భార్యకు అర్థం కాని మూడు వరుసలు కనిపించాయి. మొదటిది ఎన్నడూ వినని కంపెనీ పేరు, ఎదురుగా 500 డాలర్లు. రెండోది క్యాష్ అడ్వాన్స్ ఫీజు, 25 డాలర్లు. మూడోది వడ్డీ, 8 డాలర్ల 22 సెంట్లు.

"ఏమండీ, క్రెడిట్ కార్డు పెట్టి ఏటీఎంలో డబ్బు తీశారా?"

ఆయన ఏటీఎం గడప తొక్కలేదు. ఒక రాత్రి ఫోన్‌లో ఆన్‌లైన్ కాసినో యాప్ తెరిచి 500 వేశాడు, గంటన్నరలో పోగొట్టుకున్నాడు. ఆ సంగతి చెప్పడానికి నోరు రాక, "నాకూ తెలీదు, ఎవరో కార్డు వాడినట్టున్నారు" అనేశాడు. ఆమె వెంటనే బ్యాంకుకు ఫోన్ చేసి డిస్ప్యూట్ పెట్టింది. ఈ కుటుంబం ఊహే కానీ, ఆ మూడు వరుసలూ ఆ ఫోన్ తర్వాత జరిగేదీ కార్డుల లోకంలో ఉన్నవే.

ముందు ఆ మూడు వరుసల సంగతి. కార్డు తీసుకునే ప్రతి వ్యాపారికీ అతని బ్యాంకు నాలుగంకెల కోడ్ ఒకటి కేటాయిస్తుంది. కిరాణాకు ఒకటి, పెట్రోలు బంకుకు ఒకటి, ఆస్పత్రికి ఒకటి. పందేలకు ప్రపంచమంతటా వాడే కోడ్ 7995. అమెరికాలో ప్రభుత్వ లైసెన్సున్న ఆన్‌లైన్ కాసినోలకు 7801 అని విడిగా ఉంది. స్టేట్‌మెంట్ మీద ఈ కోడ్ సాధారణంగా కనపడదు. కానీ బ్యాంకు కంప్యూటర్ కంపెనీ పేరు చదవదు, ఈ అంకెలే చదువుతుంది. కాసినో ఖాతాలో వేసిన డబ్బు మరుక్షణంలో మళ్లీ డబ్బుగా బయటికి రాగలదు కాబట్టి, అమెరికాలో చాలా బ్యాంకులు దాన్ని కొనుగోలుగా లెక్కించవు. నగదు తీసుకున్నట్టే రాసుకుంటాయి. అందుకే ఐదు శాతం ఫీజు. మామూలు కొనుగోలుకైతే గడువులోగా కడితే వడ్డీ ఉండదు. నగదుకు ఆ వెసులుబాటు లేదు, వాడిన రోజు నుంచే లెక్క మొదలవుతుంది. ఏడాదికి 29.99 శాతం చొప్పున 500 డాలర్లకు రోజుకు 41 సెంట్లు, ఇరవై రోజులకు ఆ 8.22.

భర్త దొరికిపోయింది ఇక్కడే. పేరు ఏదైనా కావచ్చు, దాని కింద క్యాష్ అడ్వాన్స్ ఫీజు పడిందంటే అది చీరల దుకాణమో పుస్తకాల దుకాణమో కాదు. పేరు దాచినా ఫీజు దాగదు.

ఇక డిస్ప్యూట్. బ్యాంకు దాన్ని తీసుకుంది, విచారణ తేలేదాకా 500 డాలర్లను తాత్కాలికంగా జమ కూడా వేసింది. చాలామంది ఈ జమ చూసి డబ్బు వచ్చేసిందనుకుంటారు. అది వచ్చినట్టు కాదు. ఈ లోపు బ్యాంకు వీసా, మాస్టర్‌కార్డ్ లాంటి నెట్‌వర్క్ ద్వారా కాసినో బ్యాంకు నుంచి ఆ డబ్బును వెనక్కి అడుగుతుంది. దీన్నే చార్జ్‌బ్యాక్ అంటారు. కాసినో జవాబు ఇచ్చుకోవచ్చు, ఇస్తుంది కూడా. న్యూజెర్సీ చట్టం ప్రకారం లైసెన్సున్న ప్రతి ఆన్‌లైన్ కాసినో ఆటగాడి గుర్తింపును సరిచూడాలి, పందెం కాసే సమయంలో అతను రాష్ట్ర సరిహద్దు లోపలే ఉన్నాడని ఫోన్ లొకేషన్‌తో నిర్ధారించుకోవాలి. ఆటగాడిని కాపాడటానికి పెట్టిన ఈ నిబంధనే డిస్ప్యూట్‌లో అతనికి ఎదురుసాక్ష్యం అవుతుంది. రాత్రి 11:42కి డబ్బు వేసిన ఫోన్, అంతకుముందు ఆరు నెలలుగా అదే ఖాతాలోకి వచ్చిన ఫోన్, స్టేట్‌మెంట్ వెళ్లే చిరునామాలోనే ఉన్న ఫోన్, మూడూ ఒకటే. 2023 ఏప్రిల్ నుంచి వీసా నిబంధన ఇంకా బిగిసింది. అదే వ్యాపారి దగ్గర, నాలుగు నెలలు దాటిన, ఎవరూ అభ్యంతరం చెప్పని పాత లావాదేవీలు రెండు ఉండి, ఫోన్ గుర్తో ఇంటర్నెట్ చిరునామానో సహా కనీసం రెండు వివరాలు కలిస్తే "నేను కాదు" అనే వాదన నిలవదు.

మరుసటి నెల స్టేట్‌మెంట్‌లో ఆ తాత్కాలిక జమ వెనక్కి పోయింది. కాసినో ఖాతా మూతపడింది. అబద్ధపు డిస్ప్యూట్ పెట్టినవాళ్లతో కాసినోలు మళ్లీ లావాదేవీ పెట్టుకోవు. తెలిసి అబద్ధం చెప్పడం మోసం కిందికి వస్తుంది కాబట్టి బ్యాంకు కూడా ఇకమీదట అతని మాటను అనుమానంతోనే వింటుంది.

మరి ఆయన నిజమే చెప్పి, "నేనే వేశాను, కానీ ఆట మోసం, గెలిచినా డబ్బు ఇవ్వలేదు" అని ఉంటే? పేచీ ఎక్కువగా ఇక్కడే వస్తుంది. కార్డు దృష్టిలో కొన్న సరుకు ఏమిటన్నది అసలు ప్రశ్న. ఆటగాడు కొన్నది గెలుపు అవకాశం అనుకుంటాడు. కార్డు నిబంధన అలా చూడదు. కొన్నది చిప్స్, అంటే ఖాతాలో 500 డాలర్ల విలువ. ఆ విలువ ఖాతాలో కనిపించిన క్షణానే సరుకు చేతికి అందినట్టు. మాస్టర్‌కార్డ్ నిబంధనలు ఈ మాటను విడమరిచి రాశాయి. చిప్స్‌ను ఎలా వాడారు, ఎన్ని మిగిలాయి, గెలుపు ఎంత, ఓటమి ఎంత, గెలిచింది బయటికి వచ్చిందా లేదా అన్న వాటిమీద కార్డు ఇచ్చిన బ్యాంకుకు చార్జ్‌బ్యాక్ హక్కు లేదు. బ్యాంకు ఉద్యోగి జాలిపడినా నెట్‌వర్క్‌లో ఆ దారి లేదు. బ్యాంకు దయ తలచి ఇవ్వాలంటే సొంత జేబులోంచి ఇవ్వాలి. గెలిచిన డబ్బు ఆపేస్తే ఫిర్యాదు వెళ్లాల్సింది బ్యాంకుకు కాదు, లైసెన్సు ఇచ్చిన సంస్థకు. న్యూజెర్సీలో దాన్ని డివిజన్ ఆఫ్ గేమింగ్ ఎన్‌ఫోర్స్‌మెంట్ అంటారు.

బ్యాంకులు ఇంత కఠినంగా మారడానికి వెనుక ఒక చరిత్ర ఉంది. 1998లో కాలిఫోర్నియాలో ఒక మహిళ పన్నెండు కార్డుల మీద ఆన్‌లైన్ కాసినోల్లో సుమారు 70 వేల డాలర్లు పోగొట్టుకుంది. బాకీ కోసం బ్యాంకు కోర్టుకు వెళితే, ఆమె ఎదురు దావా వేసింది. ఈ రాష్ట్రంలో నిషిద్ధమైన ఆటకు మీరే డబ్బు సరఫరా చేశారు, ఆ అప్పు చెల్లదు అన్నది ఆమె వాదన. ఆ వ్యవహారం రాజీతో ముగిసి ఆమె బాకీ రద్దయింది. అలాంటి దావాలు అన్నిచోట్లా గెలవలేదు. 2002లో అమెరికా ఫెడరల్ అప్పీలు కోర్టు ఒకటి ఇద్దరు ఆటగాళ్ల వాదనను కొట్టేసింది. అయినా బ్యాంకులకు భయం పట్టుకుంది. అదే ఏడాది జూన్‌లో సిటీబ్యాంక్ న్యూయార్క్ అటార్నీ జనరల్‌తో ఒప్పందం చేసుకుని ఆన్‌లైన్ పందేల చార్జీలను ఆపడానికి ఒప్పుకుంది. 2006లో చట్టమే వచ్చి, చట్టవిరుద్ధమైన ఇంటర్నెట్ పందేలకు చెల్లింపులు తీసుకోవద్దంది.

దాంతో 7995 అన్న అంకె కనపడితే చాలు, బ్యాంకు కంప్యూటర్ లావాదేవీని తిప్పికొట్టడం మొదలైంది. లైసెన్సు లేని కాసినోలు ఊరుకోలేదు, అంకె మార్చాయి. 2011 ఏప్రిల్ 15న న్యూయార్క్ ఫెడరల్ ప్రాసిక్యూటర్లు పోకర్‌స్టార్స్, ఫుల్ టిల్ట్, ఆబ్సల్యూట్ పోకర్ సంస్థల నిర్వాహకులపై అభియోగాలు బయటపెట్టారు. పేకాట చెల్లింపులను నగలూ గోల్ఫ్ బంతులూ అమ్మే దుకాణాల కొనుగోళ్లుగా చూపించి బ్యాంకులను నమ్మించారన్నది అందులో ముఖ్యమైనది. ఆ దుకాణాలు ఎక్కడా లేవు. పేకాట ఆడినవాడి స్టేట్‌మెంట్‌లో గోల్ఫ్ బంతులు కనపడేవి.

ఈ విద్య ఇప్పటికీ పోలేదు. స్టేట్‌మెంట్‌లో వ్యాపారి పేరుకు దొరికేది 22 నుంచి 25 అక్షరాల చోటు మాత్రమే, ఆ తర్వాత ఊరు, దేశం. మధ్యలో చుక్క గుర్తు ఉంటే, దాని ముందున్న పేరు తరచుగా చెల్లింపు నడిపిన మధ్యవర్తిది. ఉదాహరణకు ఇలాంటి రూపంలో కనిపిస్తుంది:

```
ABC*DIGITAL SERV     LIMASSOL     CY
```

ఇందులో లిమసోల్ సైప్రస్ దేశపు ఊరు, చివరి రెండక్షరాలు దేశం కోడ్. MT అంటే మాల్టా, CW అంటే కురసావ్. ఆటగాడు ఆడిన సైటు పేరు ఇందులో ఎక్కడా లేదు. దాంతో చిక్కు రెండు వైపులా వస్తుంది. ఆడినవాడికి తన చార్జీయే గుర్తురాక నిజంగానే మోసమనుకుని ఫిర్యాదు చేస్తాడు. ఆడనివాడి కార్డును దొంగ వాడితే, అది చిన్న సాఫ్ట్‌వేర్ బిల్లులా కనపడి కళ్లు జారిపోతుంది. కాబట్టి తెలియని పేరు కనపడితే చేయాల్సిన మొదటి పని బ్యాంకుకు ఫోన్ చేసి ఆ లావాదేవీ మర్చంట్ క్యాటగిరీ కోడ్ ఏమిటని అడగడం. కస్టమర్ కేర్ తెర మీద అది ఉంటుంది. కాసినో సైటుకు వేసిన డబ్బు దుస్తుల దుకాణం కోడ్‌తో వచ్చిందని తేలితే, ఆ సంగతిని రాతపూర్వకంగా ఇవ్వాలి. కోడ్ మార్చి చార్జ్ చేయడం నెట్‌వర్క్ నిబంధనల ఉల్లంఘన, ఆ వ్యాపారి బ్యాంకు దానికి జవాబు చెప్పుకోవాలి. అంతమాత్రాన పోగొట్టుకున్న డబ్బు ఆటగాడికి తిరిగి వస్తుందని మాత్రం కాదు.

హైదరాబాద్‌లోనో విజయవాడలోనో ఉన్నవాళ్ల పరిస్థితి మరింత ఇరుకు. తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో తమ గేమింగ్ చట్టాలను సవరించి డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను నిషేధించాయి. 2025 ఆగస్టులో పార్లమెంటు దేశమంతటికీ చట్టం చేసి, వాటికి బ్యాంకులు చెల్లింపులు నడపకూడదంది. విదేశీ సైటులో కార్డు గీసినా కుదరదు. లాటరీ టికెట్లు, స్వీప్‌స్టేక్స్ లాంటివాటికి విదేశాలకు డబ్బు పంపడాన్ని ఫెమా నిబంధనలు 2000 నుంచే నిషేధించాయి. ఆట చట్టవిరుద్ధం కాబట్టి డబ్బు వెనక్కి రావాలి కదా అని చాలామంది అడుగుతారు. కాంట్రాక్టు చట్టం 30వ సెక్షన్ ప్రకారం పందెపు ఒప్పందం చెల్లదు, గెలిచిన సొమ్ము కోసం దావా వేయడానికి వీల్లేదు. చెల్లదు అన్నంత మాత్రాన బ్యాంకు వాపసు ఇవ్వాలన్న అర్థం రాదు. తన పేరు మీద వచ్చిన ఓటీపీతో తనే పంపిన డబ్బు గురించి ఫిర్యాదు చేసేవాడు, తాను నిషిద్ధమైన ఆట ఆడానని తన చేత్తోనే రాసిస్తున్నాడు.

నిజంగా కార్డు దొంగిలించినవాళ్లు పందెం ఆడితే సంగతి పూర్తిగా వేరు. 2017 జులైలో రిజర్వ్ బ్యాంకు ఇచ్చిన సర్క్యులర్ ప్రకారం, తప్పు బ్యాంకుదీ ఖాతాదారుదీ కాక మూడో పక్షానిదైతే, సమాచారం అందిన మూడు పనిదినాల లోపల ఫిర్యాదు చేస్తే ఖాతాదారు మీద పైసా భారం పడదు. నాలుగు నుంచి ఏడు రోజులైతే పరిమితి మేరకు భారం ఉంటుంది. ఫిర్యాదు అందిన పది పనిదినాల్లో బ్యాంకు ఆ మొత్తాన్ని జమ చేయాలి, 90 రోజుల్లో తేల్చాలి. కానీ ఓటీపీ తనే ఎవరికైనా చెప్పి ఉంటే, ఫిర్యాదు చేసే క్షణం దాకా పోయింది ఖాతాదారుదే.

పందెం ఆడినవాళ్లకు కూడా డిస్ప్యూట్ నిలిచే సందర్భాలు కొన్ని ఉన్నాయి. ఒకే డిపాజిట్ రెండుసార్లు కార్డు మీద పడటం, 50 అని నొక్కితే 500 లాగడం, డబ్బు కార్డు నుంచి పోయినా ఆట ఖాతాలో జమ కాకపోవడం. వీటిలో గెలుపోటముల మాట లేదు, లెక్క మాత్రమే ఉంది, అందుకే బ్యాంకు వింటుంది. అయితే ఆట ఖాతాలోని డిపాజిట్ చరిత్ర పేజీని తేదీ, సమయం కనపడేలా ఫొటో తీసి జతచేయాలి. ఖాతా మూతపడితే ఆ పేజీ మళ్లీ తెరుచుకోదు.

ఎడిసన్ ఇంట్లో రెండో నెల స్టేట్‌మెంట్ వచ్చిన సాయంత్రం ఆమె ఆ 500 వరుస దగ్గర వేలు పెట్టి, "బ్యాంకువాళ్లు కోడ్ చెప్పారండీ" అంది.