మూడో ఏడాది రూపాయికి మూడేళ్ల రేటు

రావలసిన వాయిదాల నేటి విలువ కట్టేటప్పుడు మనలో చాలామంది అన్ని సంవత్సరాలకూ ఒకే డిస్కౌంట్ రేటు వాడతారు. ఏడాది రేటు, మూడేళ్ల రేటు ఇంచుమించు సమానంగా ఉన్నంతకాలం ఇబ్బంది లేదు. ఈల్డ్ కర్వ్ ఏటవాలుగా ఉన్నప్పుడు మాత్రం ఆ అలవాటు నిర్ణయాన్నే తలకిందులు చేయగలదు.

నేను వేసి చూసిన ఒక ఊహాజనిత లెక్క చెబుతాను. ఒక రుణగ్రహీత బాకీ పరిష్కారానికి రెండు ప్రతిపాదనలు తెచ్చాడనుకుందాం. మొదటిది: ఏడాది చివర 60 లక్షలు, రెండో ఏడు 30, మూడో ఏడు 20. రెండోది: 10, 30, 78. ఏడాదికి 6%, రెండేళ్లకు 7%, మూడేళ్లకు 8% రేట్లనుకుందాం.

అన్నిటికీ సగటున 7% వేస్తే మొదటిది 98.60 లక్షలు, రెండోది 99.22 లక్షలు. రెండోదే మేలనిపిస్తుంది. ఏ వాయిదాకు ఆ కాలం రేటు వేస్తే మొదటిది 98.68, రెండోది 97.56. మొగ్గు మారిపోయింది. కారణం ఆ 78 లక్షలే. మూడేళ్లు ఆగాల్సిన డబ్బుకు 8% రేటు ఉండగా మనం 7% వేసి దాని విలువను పెంచి చూపించాం.

ఇక్కడే మరో తికమక ఉంది. ఏడాదికో రేటు అనగానే కొందరు మూడో వాయిదాను 1.06, 1.07, 1.08 గుణించగా వచ్చిన 1.2249తో భాగిస్తారు. అది సరికాదు. మూడేళ్ల రేటు 8% అంటే మూడేళ్లకూ కలిపి ఏటా 8% అని. భాగించాల్సింది 1.08ని మూడుసార్లు గుణించగా వచ్చే 1.2597తో. అందులో రెండేళ్ల భాగం 1.1449 కాబట్టి, మూడో ఏడాది ఒక్కదానికి పడే రేటు దాదాపు 10%. గుణకారం పద్ధతిలో రెండో ప్రతిపాదన మళ్లీ పైకొస్తుంది. ఎక్సెల్ షీటు చూడటానికి ముచ్చటగా ఉంటుంది, జవాబు మాత్రం తప్పు. పట్టుకోవడానికి తేలిక దారి ఒకటుంది: మూడేళ్ల తర్వాత వచ్చే 100 రూపాయలకు షీటు 79.38 చూపాలి. 81.64 చూపితే రేట్లను గొలుసుకట్టుగా గుణించారన్నమాట.

రేట్లు ఎక్కడివి? కూపన్ బాండు ఈల్డ్ నేరుగా పనికిరాదు, అందులో ముందొచ్చే వడ్డీలూ కలిసి ఉంటాయి. ఏటా 7% కూపన్ ఇస్తూ 100 రూపాయలకే దొరికే రెండేళ్ల బాండు తీసుకోండి. మొదటి 7 రూపాయలను 6%తో తగ్గిస్తే 6.60. మిగిలిన 93.40 రెండేళ్ల తర్వాతి 107కు ధర. అంటే అసలు రెండేళ్ల రేటు 7.04%. తేడా ఇక్కడ చిన్నదే, కాలం పెరిగి కర్వ్ ఏటవాలైన కొద్దీ పెరుగుతుంది. ప్రభుత్వ సెక్యూరిటీలకు ఈ కసరత్తంతా చేసి ఎఫ్‌బీఐఎల్ జీరో కూపన్ ఈల్డ్ కర్వ్ ప్రకటిస్తుంది కనుక మనం చేతితో కట్టనక్కర్లేదు.

అయితే అవి ప్రభుత్వ రేట్లు. బాకీదారు ప్రభుత్వం కాదు కాబట్టి రిస్కుకు తగిన స్ప్రెడ్ ప్రతి కాలానికీ కలపాలి. ఆ స్ప్రెడ్ ఎంతన్నది కర్వ్ చెప్పదు, రుణ విభాగమే తేల్చాలి.