నిలబడ్డ బోర్డు, పడుకున్న అక్షరాలు

ఇరుకు వీధిలో లాడ్జి పెట్టినవాడికి బోర్డు వెడల్పుగా రాయించుకునే వీలుండదు. అందుకని గోడలోంచి బయటికి పొడుచుకొచ్చేలా సన్నటి లైటు పెట్టె ఒకటి బిగించి, దాని మీద ఇంగ్లిషు అక్షరాలను ఒకదాని కింద ఒకటి పేర్పిస్తాడు: హెచ్, ఓ, టీ, ఈ, ఎల్. ఇటు నుంచి వచ్చేవాళ్లకూ అటు నుంచి వచ్చేవాళ్లకూ కనిపిస్తుంది. ఇంగ్లిషు అక్షరాలు తెలిసినవాళ్లు నడుస్తూనే 'హోటల్' అని చదివేసుకుంటారు. వైద్యం కోసం ఒమన్ నుంచో యెమెన్ నుంచో హైదరాబాద్ వచ్చి, ఇంగ్లిషు చదవడం రాక ఫోన్ కెమెరాను ఆ బోర్డు మీదికి తిప్పిన మనిషికి మాత్రం ఒక్కోసారి చిక్కొచ్చి పడుతుంది. 'ఫుందుఖ్' అనే అరబిక్ మాట రావాల్సిన చోట, తలాతోకా లేని అక్షరాలేవో వస్తాయి.

అనువాదం తప్పిందనుకుంటారు ఎవరైనా. కానీ హోటల్‌ను ఫుందుఖ్ అనడం ఏ అనువాద సాఫ్ట్‌వేర్‌కైనా చిటికెలో పని. అసలు హోటల్ అనే మాట దాని దాకా చేరనే లేదు.

కెమెరా అనువాదంలో పనులు ఒకదాని తర్వాత ఒకటి జరుగుతాయి. ముందు ఫొటోలో అక్షరాలు ఎక్కడున్నాయో వెతికి, వాటి చుట్టూ గీత గీస్తారు. తర్వాత ఆ గీత లోపలి ముక్కను కత్తిరించి, చదివే ప్రోగ్రాముకు ఇస్తారు. అది ఇచ్చిన మాట చివరికి అనువాదానికి వెళుతుంది. మధ్యలో ఉన్న ఈ చదివే ప్రోగ్రాముకు ఓ పట్టింపు ఉంది. 2015లో వచ్చి ఎంతో పేరు తెచ్చుకున్న సీఆర్ఎన్ఎన్ పద్ధతినే చూడండి. అది ప్రతి ముక్కనూ 32 పిక్సెళ్ల ఎత్తుకు కుదించుకుంటుంది. ఆ పట్టీని ఎడమ నుంచి కుడికి సన్నటి నిలువు చీలికలుగా చూసుకుంటూ, ఏ చీలికలో ఏ అక్షరం ఉందో తేల్చుకుంటూ పోతుంది. అంటే మాట ఎప్పుడూ అడ్డంగానే, సాపుగానే ఉంటుందని దాని నమ్మకం. ఐదక్షరాలు నిలువుగా పేర్చిన ముక్కను ఇస్తే, ఒకే చీలికలో ఐదక్షరాల తునకలూ కనిపిస్తాయి. దేన్నని చదవాలి?

ఇంజినీర్లకు ఇది తెలియని సంగతేమీ కాదు. బైదూ కంపెనీ అందరికీ తెరిచి పెట్టిన పాడిల్ ఓసీఆర్‌లో దీనికో సులువైన సూత్రం రాసుకున్నారు. కత్తిరించిన ముక్క ఎత్తు దాని వెడల్పుకు ఒకటిన్నర రెట్లు, లేదా అంతకు మించి ఉంటే, `np.rot90` అనే ఆదేశంతో ఆ ముక్కను గడియారం ముల్లుకు ఎదురు దిశలో పావు వంతు తిప్పేస్తారు. నిలువు పట్టీ అడ్డం పట్టీ అవుతుంది. మాట మొత్తాన్ని పడుకోబెట్టి రాసిన బోర్డులకు ఈ సూత్రం చక్కగా పనికొస్తుంది. పుస్తకం వెన్ను మీది పేరు అలాంటిదే, తిప్పగానే నిటారుగా లేచి కూర్చుంటుంది. ఒకవేళ తలకిందులుగా లేచినా, దాన్ని పసిగట్టి సగం వంతు తిప్పే భాగం ఇంకొకటి ఉంది.

మన లాడ్జి బోర్డులో పడుకున్నది మాట కాదు. అక్షరాలన్నీ నిటారుగానే ఉన్నాయి, వరస ఒక్కటే నిలువు. ఆ పట్టీని తిప్పితే వరస సరిగ్గానే వస్తుంది, పైనున్న హెచ్ ఎడమ చివరికి చేరుతుంది. కానీ ఒక్కో అక్షరమూ పక్కకు ఒరిగిపోతుంది. హెచ్ పడుకుంటే పైనా కిందా అడ్డగీతలున్న ఐ అయి కూర్చుంటుంది. ఓ ఎటు తిప్పినా ఓనే. టీ తల ఎడమకు వాలి, దాని కాలు అడ్డగీతగా మిగులుతుంది. ఈ తన మూడు పళ్లనూ ఆకాశం వైపు చాపి డబ్ల్యూలా తయారవుతుంది. ఎల్ కాస్తా జే పోలికలోకి దిగుతుంది. ఐదింటిలో చెక్కుచెదరనిది ఒక్క ఓ మాత్రమే. 'ఇన్' అని మూడక్షరాలు పేర్చిన బోర్డైతే మరీ విచిత్రం. ఐ ఓ అడ్డగీత అవుతుంది, రెండు ఎన్‌లూ రెండు జెడ్‌లవుతాయి.

ఇందులో మెలిక ఏమిటంటే, బయటి కొలతలను బట్టి ఈ రెండు రకాలనూ విడదీయలేం. పడుకున్న మాటైనా, పేర్చిన అక్షరాలైనా కత్తిరించాక మిగిలేది అదే పొడుగాటి ముక్క. ఎడమకు తిప్పి ఓసారి, కుడికి తిప్పి ఓసారి చదివించి, ఎక్కువ నమ్మకం కుదిరిన ఫలితాన్ని తీసుకోవడం ఇంకో పద్ధతి. అదీ పడుకున్న మాటలకే. పేర్చిన అక్షరాలను ఎటు తిప్పినా ఒరిగే ఉంటాయి, తిప్పకపోతే చీలికలు కుదరవు. వీటికి వేరే దారి కావాలి. 2019లో కొరియాకు చెందిన నేవర్ పరిశోధకులు తెచ్చిన క్రాఫ్ట్ పద్ధతి మాట కోసం కాకుండా ఒక్కో అక్షరం కోసం వెతుకుతుంది. పక్కపక్క అక్షరాల మధ్య చుట్టరికం ఎంత బలంగా ఉందో కూడా లెక్కగడుతుంది. అక్షరాలు విడివిడిగా చిక్కితే, వాటిని తిప్పకుండానే పై నుంచి కిందికి తీసి అడ్డం వరసలో పరిచి చదివించవచ్చు. అక్షరాల మధ్య ఎడం మరీ ఎక్కువైతే ఆ చుట్టరికం తెగిపోయి, ఐదూ ఐదు వేర్వేరు మాటలుగా అనువాదానికి పోయే ప్రమాదం దీనికీ ఉంది.

జపాన్‌లో నిలువు రాత పుట్టుకతో వచ్చింది. అక్కడి చిక్కు వేరు. రామెన్ దుకాణం బోర్డు మీద దీర్ఘాన్ని చూపే గీత అడ్డం రాతలో అడ్డంగా ఉంటుంది, నిలువు రాతలో నిలువుగా తిరుగుతుంది. అడ్డం రాత మాత్రమే నేర్చిన ప్రోగ్రాము దాన్ని ఒకటి అంకె అనుకోవచ్చు. అందుకే టెసరాక్ట్ అనే పాత ఓసీఆర్‌లో నిలువు జపనీస్ కోసం `jpn_vert` అని విడిగా ఓ ఫైలే ఉంది. తెలుగు బోర్డులకు మన బాధ మనది. 'ఫార్మసీ' అని నిలువుగా రాస్తే 'ర' కింద వేలాడే 'మ' వత్తు ఆ వరసకు చెందినదో, కింది 'సీ'కి తల మీద వచ్చిపడ్డదో కొలిచి చెప్పడం కష్టం.

గుండ్రటి రాత సంగతికొద్దాం. చాలాకాలం పాటు పరిశోధకులు వాడిన ఫొటోల్లో మాటలన్నీ దాదాపు తిన్నగానే ఉండేవి, చుట్టూ నాలుగు మూలల గడి గీస్తే సరిపోయేది. 2017లో మలయా విశ్వవిద్యాలయం వారు వంపు తిరిగిన మాటలకు పెద్దపీట వేస్తూ టోటల్ టెక్స్ట్ పేరుతో 1,555 ఫొటోలు విడుదల చేశారు. అదే ఏడాది దక్షిణ చైనా సాంకేతిక విశ్వవిద్యాలయం 1,500 ఫొటోలతో మరో సంచిక తెచ్చింది. అందులో ఒక్కో వంపు వరస చుట్టూ 14 బిందువులు పెట్టి గీత గీశారు. వంపును నాలుగు మూలల గడిలో ఇరికిస్తే, నడుమ ఉన్న బొమ్మా, పక్క వరస తునకలూ లోపలికి వచ్చేస్తాయి మరి.

స్టార్‌బక్స్ 2011కు ముందు వాడిన ముద్రను గుర్తు చేసుకోండి. ఆకుపచ్చ వలయంలో పై వంపు మీద కంపెనీ పేరు, కింది వంపు మీద 'కాఫీ'. పై మాటలో అక్షరాల తలలు బయటికి ఉంటాయి. కింది మాటను కూడా అలాగే రాస్తే తలకిందులుగా కనిపిస్తుంది కాబట్టి, అక్కడ తలలను లోపలికి, అంటే వలయం మధ్యకు తిప్పారు. ఇప్పుడు కంప్యూటర్ ఆ వలయాన్ని ఒకచోట కోసి, కంకణాన్ని విప్పి సాపు చేసినట్టు పొడుగు పట్టీగా పరిచిందనుకోండి. పై మాట నిటారుగా వస్తుంది, 'కాఫీ' తలకిందులుగా, వెనక నుంచి ముందుకు వస్తుంది. ఆ సగాన్ని విడిగా తిప్పితేనే మాట దక్కుతుంది. మాట వలయమంతా పరుచుకుని ఉంటే కోత ఎక్కడ పడిందన్నదీ ముఖ్యమే. మాట నడుమ పడితే సగం పట్టీ మొదట్లోనూ, సగం చివర్లోనూ తేలుతుంది. పైగా బోర్డును పక్క నుంచి ఫొటో తీస్తే వలయం కోడిగుడ్డు ఆకారంలోకి సాగుతుంది, విప్పిన పట్టీ అలలు తిరుగుతుంది.

వాలు రాత వీటన్నిటిలోకీ అమాయకంగా కనిపిస్తుంది. కొద్దిపాటి వాలును చదివే ప్రోగ్రాములు ఓర్చుకుంటాయి కూడా. అయినా లెక్క వేసి చూస్తే నష్టం తెలుస్తుంది. ఫొటోలో 300 పిక్సెళ్ల పొడవు, 50 పిక్సెళ్ల ఎత్తు ఉన్న మాట 30 డిగ్రీలు వాలి ఉందనుకుందాం. దాని చుట్టూ నిటారు గడి గీస్తే, గడి ఎత్తు 193 పిక్సెళ్లకు పోతుంది. దాన్ని 32కు కుదిస్తే అక్షరం వాటాకు మిగిలేది ఎనిమిది పిక్సెళ్ల పైచిలుకు. గడిని మాటతో పాటు వాల్చి కత్తిరిస్తే అదే అక్షరానికి 32 పిక్సెళ్లూ దక్కుతాయి. ఎనిమిది పిక్సెళ్లలో ఈ ఏదో, ఎఫ్ ఏదో చూసి చెప్పమంటే మనుషులే తడబడతారు.

ఇలా చెడిన మాట అరబిక్ గుమ్మం దాటాక దొరకడం మరీ కష్టం. అనువాద సాఫ్ట్‌వేర్‌కు ఫొటో కనపడదు, వచ్చిన అక్షరాలే దానికి లోకం. అర్థం కాని మాట వస్తే అదేదో పేరనుకుని, ఉచ్చారణను అరబిక్ లిపిలో రాసి పెట్టేస్తుంది. అరబిక్‌లో పెద్దబడి అక్షరాలు లేవు, కాబట్టి ఏది పేరో ఏది మామూలు మాటో రూపాన్ని బట్టి తెలియదు. హ్రస్వాలనూ సాధారణంగా రాయరు. వింత హల్లుల గుంపు కనిపిస్తే, చదివేవాళ్లు తమకు తోచిన అచ్చులు వేసుకుని 'ఏదో దుకాణం పేరు కాబోలు' అనుకుని ముందుకు సాగిపోతారు. అంతకన్నా మోసకారి పొరపాటు ఇంకొకటి. వంపు మీద రాసిన 'హాస్టల్'లో ఎస్ ఒక్కటి జారిపోతే మిగిలేది 'హోటల్' స్పెల్లింగే. అనువాదం తడుముకోకుండా ఫుందుఖ్ అంటుంది. నిఘంటువుకూ, వ్యాకరణానికీ అందులో వంక దొరకదు. బోర్డు వెనక ఉన్నది మాత్రం హాస్టలు.

అందుకే అరబిక్ వాక్యాన్ని నమ్మే ముందు, యాప్ ఏం చదివిందో చూపే మూల పాఠాన్ని తెరిచి బోర్డుతో పోల్చుకోవాలి. ఇంగ్లిషు రాకపోయినా అక్షరాలు ఎన్ని ఉన్నాయో, ఆకారాలు కలుస్తున్నాయో లేదో చూడొచ్చు. ఫోన్‌ను అటూ ఇటూ కొంచెం కదిపినప్పుడల్లా కొత్త మాట వస్తుంటే, అది చదవడం కాదు, ఊహించడం. పుస్తకం వెన్నులాంటి రాతకు ఫోన్‌ను పక్కకు తిప్పితే చాలు. వలయానికి ఎదురుగా నిలబడి, పై సగం, కింది సగం విడివిడిగా తీస్తే చాలామటుకు దారికొస్తుంది. ఒకదాని కింద ఒకటి పేర్చిన అక్షరాలకు ఈ కిటుకులేవీ పనిచేయవు. కీబోర్డు తెరిచి హెచ్, ఓ, టీ, ఈ, ఎల్ అని చూసి టైపు చేసుకోవడం, లేదా కౌంటరు దగ్గరున్న మనిషిని అడగడం తప్ప.