కొవ్వు కరగాలి, కండ నిలవాలి

ఒంట్లో కొవ్వు తక్కువగా ఉన్న బాడీబిల్డర్ తిండి మరీ తగ్గిస్తే, శరీరం కండను కూడా కరిగించుకుంటుంది. అందుకే కటింగ్‌లో కేలరీల కోత మితంగా, ప్రొటీన్ ఎక్కువగా ఉండాలి.

75 కిలోల బరువు, 12 శాతం కొవ్వు ఉన్న వ్యక్తినే తీసుకుందాం. కొవ్వు తీసేస్తే మిగిలేది 66 కిలోలు. ఆ బరువులో కిలోకు 2.5 గ్రాముల చొప్పున రోజుకు 165 గ్రాముల ప్రొటీన్ కావాలి. బరువు నిలకడగా ఉండటానికి 2,700 కేలరీలు పడుతుంటే, 450 తగ్గించి 2,250 తినాలి. అందులో ప్రొటీన్‌కు 660, 60 గ్రాముల కొవ్వుకు 540 పోగా మిగిలిన 1,050 కేలరీలు పిండిపదార్థాలవి, అంటే సుమారు 260 గ్రాములు. వ్యాయామానికి ఇంధనం ఇదే కనుక ఎక్కువ భాగం కసరత్తుకు ముందూ తర్వాతా తినడం మేలు. ప్రొటీన్‌ను నాలుగు పూటలకు పంచితే పూటకు 40 గ్రాములు దాటుతుంది. సుమారు 180 గ్రాముల పచ్చి చికెన్ బ్రెస్ట్‌లో అంత ఉంటుంది.

రోజూ ఉదయం బరువు చూసి వారం సగటును పోల్చాలి. వారానికి 400 నుంచి 500 గ్రాములు తగ్గితే లెక్క సరిపోయినట్టే. 750 గ్రాములు దాటి తగ్గుతూ, ఎత్తే బరువులూ పడిపోతుంటే కోత ఎక్కువైనట్టు. అన్నం రూపంలో 150 కేలరీలు కలపాలి. రెండు వారాలైనా సగటు కదలకపోతే ముందు కొలతలు సరిచూడాలి. కూరలో లెక్కకు రాని ఒక పెద్ద చెంచా నూనెలోనే 120 కేలరీలుంటాయి. మూత్రపిండాల జబ్బు ఉన్నవారు ఇంత ప్రొటీన్ వైద్యుడిని అడగకుండా తీసుకోకూడదు.