మేన్‌హోల్ దగ్గర తెలుగులో చెప్పాల్సిన మాట

రిఫైనరీలో ఒక యూనిట్‌కు షట్‌డౌన్ వచ్చిందంటే గేటు దగ్గర కొత్త ముఖాలు కనిపిస్తాయి. కొన్నేళ్లు ఆగకుండా నడిచిన కాలమ్‌లు, రియాక్టర్లు, ఎక్స్ఛేంజర్లు అన్నీ కొన్ని వారాల్లో తెరిచి, కడిగి, బాగుచేసి మళ్లీ మూసేయాలి. విశాఖపట్నం వైపు ఈ పనికి శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల నుంచి ఫిట్టర్లు, రిగ్గర్లు, వెల్డర్లు, హెల్పర్లు వస్తారు. ఒడిశా, బిహార్ నుంచీ వస్తారు. చాలామంది ఒక ఊరివాళ్లు ఒక ముఠాగా వస్తారు. పని మొదలయ్యే ముందు వాళ్లను ఒకచోట నిలబెట్టి సేఫ్టీ ఆఫీసర్ మాట్లాడతాడు. దీన్ని టూల్‌బాక్స్ టాక్ అంటారు. ఆఫీసర్ ఇంగ్లిష్‌లోనో హిందీలోనో చెబితే, పక్కన నిలబడ్డ సూపర్‌వైజర్ తెలుగులో చెబుతాడు.

ఆ తెలుగు తరచూ కురచబడిపోతుంది. ఆఫీసర్ రెండు నిమిషాలు చెప్పింది సూపర్‌వైజర్ నోట రెండు ముక్కలవుతుంది. హెల్మెట్ పెట్టుకోండి, బెల్టు తగిలించుకోండి లాంటివి అలా చెప్పినా పెద్దగా నష్టం లేదు, అవి అందరికీ తెలిసినవే. నైట్రోజన్ సంగతి అలా కాదు. ‘వెసెల్ నైట్రోజన్‌లో ఉంది, ప్రవేశం లేదు’ అన్నది తెలుగులో ‘దాంట్లోకి ఎవరూ వెళ్లకండి’ అయిపోతే, ఎందుకు వెళ్లకూడదో అక్కడే జారిపోతుంది.

ఎందుకన్నది తెలియకపోతే కార్మికుడు తన అనుభవాన్నే నమ్ముకుంటాడు. గ్యాస్ అనగానే అతనికి గుర్తొచ్చేది వాసన. వంటింట్లో సిలిండర్ లీకైతే ముక్కుకు తెలుస్తుంది, ఎందుకంటే ఆ వాసనను కావాలనే కలుపుతారు. నైట్రోజన్‌కు వాసన లేదు, రంగు లేదు, కళ్లు మండవు, దగ్గు రాదు. పైగా మనం పీల్చే గాలిలో 78 శాతం అదే. విషం కూడా కాదు. షట్‌డౌన్‌లో దాన్ని వాడేది భద్రత కోసమే. వెసెల్‌లో మిగిలిన నూనె ఆవిరి గాలితో కలిసి అంటుకోకుండా ముందు నైట్రోజన్‌తో తరిమేస్తారు. ఆ తర్వాతే గాలి పంపుతారు. అంటే మంట భయం పోయాక, ఊపిరి ఇంకా రాని ఘడియ ఒకటి మధ్యలో ఉంటుంది.

ఆ ఘడియలో లోపల తల పెట్టినవాడికి శరీరం హెచ్చరిక ఇవ్వదు. నీళ్లలో మునిగితే ఊపిరాడక కొట్టుకుంటాం కదా, అలా ఉండదు. ఊపిరి కోసం తహతహ పుట్టించేది ప్రధానంగా ఒంట్లో పెరిగే కార్బన్ డయాక్సైడ్. నైట్రోజన్ పీల్చుతున్నప్పుడు ప్రతి శ్వాసతో అది బయటికి పోతూనే ఉంటుంది, కాబట్టి ఉక్కిరిబిక్కిరి అనిపించదు. మామూలు గాలిలో ఆక్సిజన్ 20.9 శాతం. అది 10 శాతం కన్నా పడిపోతే స్పృహ తప్పొచ్చు. 4 నుంచి 6 శాతం దగ్గర 40 సెకన్లలో కోమాలోకి వెళ్లిపోతారు. నైట్రోజన్ నిండుగా ఉన్న చోట ఒకటి రెండు శ్వాసలే చాలు.

2005 నవంబరు 5న అమెరికాలోని డెలావేర్ సిటీ రిఫైనరీలో జరిగింది ఇదే. అక్కడా షట్‌డౌనే, అక్కడా కాంట్రాక్టు కార్మికులే. రియాక్టర్ పైన విప్పిన పైపును తిరిగి బిగించాలి. లోపల నైట్రోజన్ పారుతోంది. తెరిచి ఉన్న మూతి దగ్గర ప్రవేశం గురించి హెచ్చరిక ఉంది కానీ నైట్రోజన్ ఊసు లేదు. లోపల, అందీ అందనంత లోతులో ఒక టేపు చుట్ట పడి ఉంది. దాన్ని తీయబోయి ఒకతను లోపల పడిపోయాడు. అతను పడ్డాడా, దిగాడా అన్నది తేలలేదు. వెంటనే అతని ఫోర్‌మన్ నిచ్చెన వేసి కిందికి దిగాడు. ఇద్దరూ చనిపోయారు. అమెరికా రసాయన ప్రమాదాల దర్యాప్తు సంస్థ సీఎస్‌బీ ఈ ప్రమాదంపై నివేదిక ఇచ్చింది. అదే సంస్థ అంతకుముందు లెక్క తీస్తే, 1992 నుంచి 2002 వరకు అమెరికాలో నైట్రోజన్ వల్ల 80 మంది పోయారు. వాళ్లలో పదిమందికి ఒకరు కాపాడబోయినవాళ్లే.

తెలుగులో చెప్పేవాడు గట్టిగా చెప్పాల్సింది ఈ రెండో చావు గురించే. ఒక ఊరి ముఠాలో లోపల ఉన్నవాడు తమ్ముడో బావమరిదో అయి ఉంటాడు. ‘బావ పడిపోతే చూస్తూ ఊరుకుంటామా సార్?’ అని ఒకడు అడిగాడంటే ఆ టాక్ సరైన దారిలో నడుస్తున్నట్టే. దానికి జవాబు ఇలా ఉండాలి: ‘ఊరుకోవద్దు బాబూ. కేక వెయ్యి, రేడియోలో చెప్పు. తాడు ముందే కట్టి ఉంటే బయటినుంచే లాగు. నువ్వు మాత్రం తల లోపల పెట్టకు. రెస్క్యూ వాళ్లు సిలిండర్, మాస్క్ తగిలించుకుని దిగుతారు. నువ్వు కూడా పడిపోతే వాళ్లు ముందు ఎవర్ని తియ్యాలి?’ మేన్‌హోల్ దగ్గర కాపలా ఉండే హోల్ వాచ్‌కు ఇదే మొత్తం ఉద్యోగం. స్పానర్ అందించమన్నా, టీ తెమ్మన్నా అతను అక్కడినుంచి కదలకూడదు.

చివర్లో ‘అర్థమైందా?’ అని అడిగితే నలభై గొంతులు ‘అయింది సార్’ అంటాయి. దానివల్ల ఏమీ తెలియదు. తెలిసిన సూపర్‌వైజర్ ఒకణ్ని చూపించి అడుగుతాడు: ‘నువ్వు చెప్పు. వాల్వు కట్టేశాం. లోపలికి వెళ్లొచ్చా?’ వెళ్లొచ్చు అన్నాడంటే మళ్లీ చెప్పాలి. కట్టిన వాల్వు కూడా లోలోపల కారొచ్చు. అందుకే ఫ్లాంజిల మధ్య బ్లైండ్ అనే ఇనుప పలక వేసి, దానికి ట్యాగ్ కడతారు. నైట్రోజన్ గొట్టం పూర్తిగా విప్పి పక్కన పెడతారు. ఆ తర్వాత పైన, మధ్యన, అడుగున గ్యాస్ టెస్ట్ చేస్తారు. ఆక్సిజన్ 19.5 శాతానికి తగ్గకూడదు, 23.5 దాటకూడదు. ఆ అంకె పర్మిట్ కాగితం మీద రాసి, సంతకం పడి, మేన్‌హోల్ దగ్గర కట్టి ఉండాలి. ముఠా మేస్త్రి ఆ కాగితాన్ని చదివి వినిపించమని అడగడం తప్పు కాదు. భోజనానికి వెళ్లొచ్చాక మళ్లీ టెస్ట్ చేశారా అని అడగడమూ తప్పు కాదు.

మరో టాక్ షట్‌డౌన్ ఆఖర్లో ఉండాలి. దాన్నే ఎక్కువగా మర్చిపోతారు. రెండు వారాలుగా రోజూ దిగి ఎక్కిన రియాక్టర్ అది. లోపల లైటు పెట్టారు, బ్లోయర్‌తో గాలి కొట్టారు, అంతా అలవాటైపోయింది. కెటలిస్ట్ నింపి మూతలు బిగించే వేళకు నైట్రోజన్ మళ్లీ వస్తుంది. మూతి అదే, చీకటి అదే, కొత్త వాసనేమీ ఉండదు. డెలావేర్‌లో మనుషులు పోయింది కూడా ఇలా తిరిగి బిగించే దశలోనే. అందుకని నైట్రోజన్ ఎక్కించే ముందు పగటి ముఠాకూ, రాత్రి ముఠాకూ విడివిడిగా చెప్పాలి: ‘నిన్నటిదాకా ఇచ్చిన పర్మిట్లన్నీ రద్దు. ఈ గీత దాటి ఎవరూ రావద్దు. పానా లోపల పడితే పడనివ్వండి, సూపర్‌వైజర్‌ను పిలవండి.’ మూతి పక్కన పెద్ద తెలుగు అక్షరాల్లో ‘నైట్రోజన్ ఉంది, ఊపిరి ఆడదు, చనిపోతారు’ అని బోర్డు కట్టాలి. ఒడియా, హిందీ మాట్లాడేవాళ్లు ముఠాలో ఉంటే ఆ భాషల్లోనూ రాయాలి.