వార్తల్లో పదం: రొటేటర్ కఫ్ చిరుగు, ఫ్రోజెన్ షోల్డర్

భుజం కీలును పట్టి ఉంచే నాలుగు కండరాల స్నాయువులను కలిపి రొటేటర్ కఫ్ అంటారు. అది బాగా చిరిగితే చెయ్యి తనంతట లేవదు, పక్కవాళ్లు లేపితే లేస్తుంది. ఫ్రోజెన్ షోల్డర్‌లో కీలు తొడుగే మందమై బిగుసుకుంటుంది కనుక ఎవరు లేపినా పూర్తిగా లేవదు.

ఎక్స్‌రే రెండింటిలోనూ తరచు మామూలుగానే ఉంటుంది. ఎమ్మారైలో చిరుగు దగ్గర స్నాయువు నల్లని పట్టీ తెగి, మధ్యలో ద్రవం తెల్లగా మెరుస్తుంది. ఫ్రోజెన్ షోల్డర్‌లో చంకవైపు తొడుగు మందంగా కనిపిస్తుంది.

రెండూ కలిసి కనిపిస్తేనే చిక్కు. తగరపువలసలో 62 ఏళ్ల మధుమేహ రోగికి భుజం బిగిసి, రిపోర్టులో ‘పాక్షిక చిరుగు’ అని వచ్చిందనుకుందాం. ఆ వయసులో నొప్పిలేని చిరుగులు మామూలే. మోచేతిని నడుముకు ఆనించి ముంజేతిని వైద్యుడు బయటికి తిప్పినా తిరగకపోతే, ముందు బిగుతుకే చికిత్స: కీలులోకి స్టెరాయిడ్ ఇంజెక్షన్, వ్యాయామం. కొన్నాళ్లు చక్కెర పెరుగుతుంది, చూసుకోవాలి.

కిందపడి స్నాయువు పూర్తిగా తెగితే మాత్రం త్వరగా కుట్టించడమే మేలు. ఆలస్యమైతే కండరంలో కొవ్వు చేరుతుంది. అది ఎమ్మారైలో సగానికి మించి కనిపిస్తే కుట్టు నిలవడం కష్టం.