ఉప్పు చిక్కబడితే ఒక కబురు, రక్తం తగ్గితే మరొకటి

మూత్రంలో పోయే నీటిని అదుపు చేసే హార్మోన్ వాసోప్రెసిన్. ఇది మెదడులోని హైపోథాలమస్‌లో తయారై, పిట్యూటరీ గ్రంథి వెనుక భాగం నుంచి రక్తంలోకి విడుదలవుతుంది. మూత్రపిండాలు దీని ప్రభావంతో నీటిని వెనక్కి లాక్కుంటాయి, మూత్రం చిక్కబడుతుంది. ఈ విడుదలకు రెండు వేర్వేరు కారణాలున్నాయి.

మొదటిది రక్తం చిక్కదనం. 60 కిలోల మనిషి ఒంట్లో సుమారు 36 లీటర్ల నీరుంటుంది. ఎండలో తిరిగి, ఉప్పు పెద్దగా పోకుండా 350 మిల్లీలీటర్ల నీరు కోల్పోయాడనుకుందాం. అది ఒక్క శాతమే. కిలో నీటికి 285 మిల్లీఆస్మోల్ ఉన్న చిక్కదనం 288కి చేరుతుంది. ఆ కొద్ది తేడాకే హైపోథాలమస్ దగ్గరున్న ఆస్మోరిసెప్టర్ కణాల్లోంచి నీరు బయటికి వచ్చి అవి కుంచించుకుపోతాయి. దాంతో వాటి పొరలోని ద్వారాలు తెరుచుకుని సంకేతం బయలుదేరుతుంది. వాసోప్రెసిన్ వెంటనే పెరుగుతుంది. చిక్కదనం ఇంకాస్త పెరిగితే దాహం స్పష్టంగా తెలుస్తుంది. ఇలాంటి గ్రాహకాలు మెదడులో ఉన్నాయని 1947లో ఈ.బి. వెర్నీ కుక్కలపై చేసిన ప్రయోగాలతో చూపారు. నీళ్లు తాగితే అవి రక్తంలో కలవకముందే, నోరు, గొంతు పంపే కబురుతో దాహం, హార్మోన్ రెండూ తగ్గడం విశేషం.

అదే మనిషి 350 మిల్లీలీటర్ల రక్తం దానం చేశాడనుకుందాం. నీరూ ఉప్పూ కలిసే పోయాయి కాబట్టి చిక్కదనం మారదు, ఆస్మోరిసెప్టర్లకు ఏమీ తెలియదు. ఇక్కడ గమనించేవి గుండె పై గదుల్లోనూ, మెడ ధమనిలోనూ, బృహద్ధమనిలోనూ ఉన్న సాగుడు గ్రాహకాలు. ఇవి మామూలుగా వాసోప్రెసిన్‌ను అణచి ఉంచే సంకేతాలు పంపుతుంటాయి. రక్తం తగ్గితే ఆ సంకేతాలు సన్నగిల్లుతాయి. అయితే ఈ దారి మొద్దుది. రక్తం 10 శాతం దాకా తగ్గితేగాని గట్టిగా స్పందించదు. 350 మిల్లీలీటర్లు రక్తంలో దాదాపు 8 శాతం, అంటే ఆ అంచుకు ఇవతలే. అంచు దాటితే మాత్రం హార్మోన్ ఒక్కసారిగా ఎగబాకుతుంది, రక్తనాళాలను కూడా బిగించేంతగా. మూత్రపిండాలు విడుదల చేసే రెనిన్ వల్ల తయారయ్యే ఆంజియోటెన్సిన్ ఈ దశలో దాహాన్నీ రేపుతుంది.

రెండు కబుర్లు ఎదురెదురుగా వచ్చినప్పుడే చిక్కు. విపరీతమైన విరేచనాలతో నీరూ ఉప్పూ పోయిన రోగి దాహంతో ఉత్త నీళ్లే తాగుతాడు. రక్తంలో సోడియం పడిపోతుంది. ఆస్మోరిసెప్టర్ల లెక్కన వాసోప్రెసిన్ ఆగాలి. కానీ రక్తం బాగా తగ్గినప్పుడు పరిమాణం కబురే పైచేయి అవుతుంది. హార్మోన్ ఆగదు, తాగిన నీరు ఒంట్లోనే నిలిచి సోడియం ఇంకా పలచబడుతుంది. తలనొప్పి, మగత, చివరికి ఫిట్స్ రావచ్చు. అందుకే ఉత్త నీటికి బదులు ఉప్పూ గ్లూకోజూ ఉన్న ఓఆర్ఎస్ ఇస్తారు. తీవ్రమైతే సెలైన్ ఎక్కిస్తారు. రక్త పరిమాణం కోలుకోగానే వాసోప్రెసిన్ పడిపోయి, పలచని మూత్రం ధారాళంగా వస్తుంది. అప్పుడు సోడియం అతివేగంగా పెరిగి మెదడుకు హాని చేసే ప్రమాదం ఉంది కాబట్టి వైద్యులు మూత్రం పరిమాణాన్ని గమనిస్తూ, రక్తంలో సోడియాన్ని పదేపదే కొలుస్తుంటారు.